ఏడాది డబ్బు ఒకేసారి కడితే ఎంత తగ్గించాలి?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఏ హోల్‌సేల్ వ్యాపారిని అడిగినా వడ్డీ లెక్క నోటి చివరే ఉంటుంది. నూటికి నెలకు రూపాయా, రూపాయిన్నరా, రెండు రూపాయలా అన్నది తేలాకే ఎవరైనా డబ్బు ఇస్తారు, పుచ్చుకుంటారు. అదే షాపులో వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ధర చెప్పే పద్ధతి వేరు. నెలకు 500 రూపాయలు, ఏడాదికి ఒకేసారి కడితే 5,000, అంటే రెండు నెలలు ఉచితం. ఆ రెండు నెలలు ఎక్కడి నుంచి వచ్చాయని అమ్మేవారిని అడిగితే ‘అందరూ అంతే ఇస్తున్నారు’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది. నిజంగానే చాలామంది అంతే ఇస్తున్నారు. యూట్యూబ్ ప్రీమియం 2024లో ధర పెంచినప్పుడు నెలకు 149, ఏడాదికి 1,490 అని పెట్టింది. సరిగ్గా పది నెలల డబ్బు. కానీ కోట్ల మంది చందాదారులున్న కంపెనీకి సరిపోయే తగ్గింపు, రెండు మూడు వందల షాపులకు సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థకు కూడా సరిపోతుందని ఎక్కడా లేదు.

లెక్క కోసం అలాంటి ఒక చిన్న సంస్థను ఊహించుకుందాం. విజయనగరంలో ఆఫీసు. చీపురుపల్లి, రాజాం, బొబ్బిలి, శ్రీకాకుళం దాకా కిరాణా షాపులు, మందుల షాపులు, పలాసలో కొన్ని జీడిపప్పు యూనిట్లు దాని సాఫ్ట్‌వేర్ వాడుతున్నాయి. ధర నెలకు 500. కొందరు యూపీఐలో నెలనెలా పంపుతారు, కొందరికి ఫోన్ చేసి గుర్తు చేయాలి, ఇంకొందరి దగ్గరికి కుర్రాడు బండి మీద వెళ్లి వసూలు చేసుకొస్తాడు. ఈ సంస్థ ఏడాది ప్లాన్ పెట్టాలనుకుంటోంది. ఎంత తగ్గిస్తే తనకు నష్టం రాకుండా ఉంటుంది?

మొదట దీన్ని ఉత్త అప్పుగా చూడాలి. షాపు ఓనరు ఏడాదికి 5,000 ఒకేసారి కట్టాడంటే, ఎలాగూ ఇవ్వాల్సిన మొదటి నెల 500 పోను, 4,500 ముందుగా ఇచ్చినట్టు. దానికి బదులుగా అతనికి తర్వాతి 11 నెలలూ నెలకు 500 చొప్పున కట్టే పని తప్పుతుంది. అంటే 4,500 అప్పిచ్చి, 11 వాయిదాల్లో 5,500 వెనక్కి తీసుకున్నట్టే. పైకి చూస్తే వడ్డీ వెయ్యి రూపాయలే. కానీ అప్పు నెలనెలా కరిగిపోతూ ఉంటుంది కాబట్టి సగటున నిలిచి ఉండే బాకీ 2,600 దగ్గరే. ఆ బాకీ మీద 11 నెలలకు వెయ్యి రూపాయలంటే నూటికి నెలకు దాదాపు మూడున్నర రూపాయల వడ్డీ. మూడున్నర రూపాయలకు అప్పు తెస్తున్నామని చెబితే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అదే అప్పును ‘రెండు నెలలు ఉచితం’ అనే పేరుతో తెస్తే ఎవరికీ అనుమానం రాదు.

ఒక్క నెల మాత్రమే తగ్గించి 5,500 తీసుకుంటే అదే లెక్కలో వడ్డీ రూపాయి అరవై పైసల దగ్గరికి దిగుతుంది. మూడు నెలలు తగ్గించి 4,500కే ఇస్తే అయిదు రూపాయల డెబ్బై పైసలు దాటుతుంది. ఒక్కో నెల పెంచుతున్నకొద్దీ వడ్డీ దాదాపు రెండు రూపాయల చొప్పున పెరుగుతోందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. తిరగేసి చూసినా ఇదే కనిపిస్తుంది. రూపాయి వడ్డీకి బ్యాంకు అప్పు దొరికే సంస్థ ముందస్తు డబ్బు కోసం 6,000 మీద 316 రూపాయలకు మించి తగ్గించడంలో అర్థం లేదు. రూపాయిన్నరకు తెచ్చుకునే సంస్థకు ఆ హద్దు 465 దగ్గర ఉంటుంది. అంటే ఇంచుమించు ఒక నెల. రెండు రూపాయల వడ్డీ కట్టే సంస్థకు ఒక నెల, పైన ఇంకో వంద.

ఇందులో ఒక మెలిక ఉంది. తీర్చాల్సిన అప్పు ఉంటేనే ఈ లెక్క వర్తిస్తుంది. వచ్చిన డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉంటే, దాని మీద వచ్చేది నూటికి నెలకు పావలా లోపే. అప్పులేని సంస్థ కేవలం ‘డబ్బు ముందే చేతికొస్తుంది’ అనే కారణంతో రెండు నెలలు తగ్గిస్తే, మూడున్నర రూపాయలకు తెచ్చి పావలాకు తిప్పినట్టు.

మరి పెద్ద కంపెనీలు ఇంతింత తగ్గింపులు ఎందుకిస్తున్నాయి? నెలనెలా కట్టేవాళ్లందరూ పన్నెండు నెలలూ కట్టరు. అసలు కారణం అది. నెల ప్లాన్‌లో 500 చొప్పున ఏడాదికి 6,000 వస్తుందనుకోవడం కాగితం మీది మాట. నెలకు నూటికి అయిదుగురు మానేస్తుంటే, చేరిన ఒక్కొక్కరి నుంచి ఏడాదిలో సగటున వచ్చేది 9.2 నెలల డబ్బే. కాబట్టి ఏడాది ప్లాన్‌ను పోల్చాల్సింది 6,000తో కాదు, 4,600తో. అప్పుడు 5,000కు ఇచ్చినా 400 లాభమే కదా అనిపిస్తుంది. అమెజాన్ ప్రైమ్ 2023లో నెలకు 299, ఏడాదికి 1,499 అని ధరలు పెట్టినప్పుడు, ఏడాది ప్లాన్ అయిదు నెలల డబ్బుకే వచ్చింది. ఒక పండగ సేల్ కోసమో ఒక సినిమా కోసమో చేరి వెంటనే మానేసే వీలున్న సేవలో నెల చందాదారు ఏడాదికి ఎన్ని నెలలు కడతాడన్నది చూస్తే, అంత తగ్గింపు కూడా వింతగా అనిపించదు.

సగటును నమ్మి ధర పెడితే దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే. షాపులన్నీ ఒకేలా మానేయవు. వంద షాపుల్లో అరవై గట్టివి అనుకుందాం. వాటికి రోజూ బిల్లులు ఇందులోనే కొట్టాలి, స్టాకు ఇందులోనే చూడాలి. నెలకు నూటికి ఒకటి మాత్రమే మానేస్తుంది. మిగతా నలభై ఊగిసలాడేవి. ఎవరో చెప్పారని చేరారు, ఇంకా చేతి రాత బిల్లు పుస్తకం వదల్లేదు. వీటిలో నెలకు నూటికి పది చొప్పున జారిపోతాయి. గట్టి షాపు నెల ప్లాన్‌లో ఏడాదికి సగటున ఇచ్చేది 5,680 రూపాయలు. ఊగిసలాడే షాపు ఇచ్చేది 3,590. అన్నీ కలిపి సగటు తీస్తే 4,845 దగ్గర తేలుతుంది. అది 5,000 కంటే తక్కువే కాబట్టి రెండు నెలల తగ్గింపు లాభమేనని కాగితం చెబుతుంది.

అయితే ఏడాది డబ్బు ఒకేసారి కట్టడానికి ముందుకొచ్చేది ఎవరు? సాఫ్ట్‌వేర్ లేకుండా పని నడవదని తెలిసిన గట్టి షాపులు. ఊగిసలాడేవాడు 500 కట్టడానికే ఆలోచిస్తాడు, 5,000 ఎందుకు కడతాడు? అందుకే ప్లాన్ తీసుకున్నవాళ్లలో గట్టివాళ్ల పాలు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. గట్టి షాపు ఒకటి 5,000 ప్లాన్‌లోకి మారితే సంస్థకు 680 రూపాయలు పోతాయి. ఊగిసలాడే షాపు మారితే 1,410 మిగులుతాయి. అంటే జారిపోయేవాడిని ఒకడిని నిలబెట్టినందుకు గట్టివాళ్లలో ఇద్దరికి మాత్రమే ఈ తగ్గింపు ఇవ్వగలం. మూడో గట్టి షాపు రాగానే నష్టం మొదలవుతుంది. నలభై మంది ప్లాన్ తీసుకుంటే అందులో 35 మంది గట్టివాళ్లు, అయిదుగురు ఊగిసలాడేవాళ్లు అనుకుంటే, 16,750 రూపాయలు చేజారినట్టు. ప్లాన్ పెట్టిన నెలలో మాత్రం బ్యాంకులో రెండు లక్షలు కనిపిస్తాయి. ఆ సంబరంలో ఈ లెక్క ఎవరికీ గుర్తు రాదు.

ఒక నెల తగ్గింపుతో చూస్తే బొమ్మ మారిపోతుంది. 5,500 ప్లాన్‌లో గట్టి షాపు వల్ల పోయేది 180 రూపాయలే. ఊగిసలాడే షాపు వల్ల మిగిలేది 1,910. ఒకడిని నిలబెడితే పదిమంది గట్టివాళ్లకు తగ్గింపు ఇచ్చినా నష్టం లేదు. తగ్గింపు రెండింతలు చేస్తే భరించగల సంఖ్య పది నుంచి రెండుకు పడిపోతోంది. ధర పెట్టేవాళ్లు చూడాల్సిన అంకె ఇదే తప్ప, ఎంతమంది ఏడాది ప్లాన్ తీసుకున్నారన్నది కాదు.

సొంత షాపుల సంగతి తెలుసుకోవడానికి పెద్ద సాధనాలేమీ అక్కర్లేదు. ఏడాది కిందట ఒకే నెలలో చేరినవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరు ఎన్ని నెలలు కట్టారో పక్కన వేసుకుంటే చాలు. చాలా సంస్థల్లో మొదటి మూడు నెలల్లోనే ఎక్కువమంది జారిపోయి, ఆ తర్వాత ఉన్నవాళ్లు ఉండిపోవడం కనిపిస్తుంది. ఈరోజు ఉన్న చందాదారుల సంఖ్యను నిరుటి సంఖ్యతో పోల్చితే ఈ విషయం బయటపడదు, ఎందుకంటే కొత్తగా చేరినవాళ్లు పోయినవాళ్ల ఖాళీని కప్పేస్తారు. ఏడాది ప్లాన్ ఇప్పటికే ఉంటే, దాన్ని తీసుకున్నవాళ్లు అప్పటికి ఎన్ని నెలలుగా కడుతున్నారో చూడాలి. అందులో ఎక్కువమంది ఆరు నెలలు దాటినవాళ్లే అయితే, ఆ తగ్గింపు ఎవరినీ ఆపలేదు. ఎలాగూ ఉండేవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చినట్టయింది.

నెల అంటే ఎన్ని రోజులో కూడా ఒకసారి చూసుకోవాలి. మొబైల్ రీచార్జి ప్లాన్లు చాలావరకు 28 రోజులవి కాబట్టి ఏడాదికి 13 సార్లు కట్టాల్సి వస్తుంది. దీని మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాకే ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్ అయినా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో చెప్పింది. ఇలాంటి చోట ‘ఏడాది ప్లాన్‌లో ఇంత ఆదా’ అని చెప్పే అంకెలో ఆ పదమూడో నెల కూడా కలిసి ఉంటుంది.

ఇప్పుడు ఇంకో మాట నేరుగా ఒప్పుకోవాలి. ఊగిసలాడే షాపు వల్ల మిగిలే 1,410 గానీ 1,910 గానీ ఎక్కడి నుంచి వస్తున్నాయి? నాలుగు నెలలకే వాడటం మానేసినవాడి దగ్గర ఏడాది డబ్బు తీసుకుని వెనక్కి ఇవ్వకపోవడం వల్ల. ముందే డబ్బు కట్టాడు కాబట్టి పట్టుదలగా వాడి, అలవాటు పడి, నిజంగా ఉండిపోయేవాళ్లు కొందరుంటారు. వాళ్ల వల్ల వచ్చేది న్యాయమైన లాభం. మిగతాది వాడని సేవకు పట్టుకున్న డబ్బు. రాజాంలో ఒక మందుల షాపు అతను ‘డబ్బు కట్టించుకుని ఫోన్ ఎత్తడం లేదు’ అన్నాడంటే, ఆ వీధిలోని మిగతా షాపుల్లో ఆ సంస్థ కుర్రాడికి కుర్చీ వేసేవాళ్లుండరు. చిన్న ఊళ్లలో ఒక్కరి కోపం ఖరీదు 1,910 కంటే ఎక్కువ.

కాబట్టి రీఫండ్ ఇస్తామని ముందే రాసి ఇవ్వడం మంచిది. లెక్క సులభం. వాడిన నెలలకు నెల ధర పట్టుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి. 5,500 కట్టి నాలుగు నెలలకు మానేస్తే 2,000 పోను 3,500 వెనక్కి. తగ్గింపు ఏడాది పూర్తిచేసినవాళ్లకే దక్కుతుంది, మధ్యలో మానేసినవాళ్లు మోసపోయామని అనుకోరు. కానీ ఇలా ఇస్తే, ఊగిసలాడేవాళ్ల వల్ల వచ్చే ఆ మిగులు దాదాపు పోతుంది. అప్పుడు తగ్గింపును మోయడానికి మిగిలేవి రెండే. ముందే వచ్చిన డబ్బు మీద వడ్డీ, తప్పిన వసూలు ఖర్చు.

వసూలు ఖర్చును చాలామంది తక్కువగా చూస్తారు. యూపీఐలో బ్యాంకు ఖాతా నుంచి వచ్చే డబ్బుకు వ్యాపారికి చార్జీ లేదు, నిజమే. 2020 నుంచి యూపీఐ ఆటోపే కూడా ఉంది. 15,000 లోపు మొత్తానికి ప్రతిసారీ పిన్ అడగదు, ఒక రోజు ముందు మెసేజ్ వచ్చి డబ్బు దానంతట అదే కట్ అవుతుంది. కానీ ఆరోజు ఖాతాలో డబ్బు లేకపోతే చెల్లింపు ఆగిపోతుంది, మళ్లీ ఫోన్, మళ్లీ మాట. ఫోన్లు, బండి పెట్రోలు, కుర్రాడి సమయం కలిపి ఒక్కో వసూలుకు 20 రూపాయలు వేసుకున్నా 11 సార్లకు 220. రూపాయిన్నర అప్పు తీర్చగలిగితే 5,500 ప్లాన్‌లో ముందే వచ్చిన డబ్బు మీద మిగిలే వడ్డీ ఒక్కో షాపుకు 412 దాకా. రెండూ కలిపితే 632, ఇచ్చిన తగ్గింపు 500. ప్లాన్ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. అదే 5,000 ప్లాన్‌లో వడ్డీ 371, వసూలు 220, మొత్తం 591. ఇచ్చిన తగ్గింపు 1,000. ఒక్కో షాపుకు 400కు పైగా చేతి నుంచి పడుతుంది. అప్పే లేని సంస్థకు వడ్డీ దాదాపు సున్నా కాబట్టి ఒక నెల తగ్గింపు కూడా ఎక్కువే. 250, 300 దగ్గర ఆగాలి.

రెండు నెలల తగ్గింపుకు చోటు లేదని కాదు. కొత్తగా చేరేవాళ్లకు, మొదటి నెలలోనే, ఒక్కసారికి మాత్రమే ఇస్తే దానికి అర్థం ఉంది. జారిపోయేది ఆ మొదటి మూడు నెలల్లోనే కాబట్టి నిలబెట్టగలిగేవాళ్లు దొరికేది కూడా అక్కడే. రెండేళ్లుగా ఠంచనుగా కడుతున్న షాపుకు అదే తగ్గింపు ఇస్తే అతను సంతోషిస్తాడు గానీ సంస్థకు కొత్తగా ఏమీ రాదు. పాతవాళ్లకు ఇవ్వాలనిపిస్తే ధర పెంచే ఏడాదిలో పాత ధరనే ఇంకో ఏడాది ఉంచడం మేలు. వాళ్లకు గౌరవంగా ఉంటుంది, బిల్లు మీద ఉన్న అసలు ధర పడిపోదు.

ఈ లెక్కలన్నీ ఇంకొక షాపును చేర్చుకోవడానికి ఖర్చు పెద్దగా ఉండని సాఫ్ట్‌వేర్ లాంటివాటికే వర్తిస్తాయి. నెలనెలా పాలు పోసేవాళ్లు, భోజనం క్యారేజీలు పంపేవాళ్లు ఏడాది డబ్బు ముందే తీసుకుని తగ్గిస్తే, బియ్యం ధర పెరిగిన రోజున ఆ తగ్గింపు మీద ఇంకో నష్టం పడుతుంది.

వచ్చిన డబ్బు అంతా తమది కాదన్నది గుర్తుంచుకోవాల్సిన ఇంకో విషయం. సంస్థ జీఎస్టీలో ఉంటే 5,500 మీద 18 శాతం, 990 రూపాయలు అదనంగా వసూలవుతాయి. సేవలకు తీసుకున్న అడ్వాన్సు మీద పన్ను డబ్బు చేతికి వచ్చినప్పుడే పడుతుంది, పన్నెండు నెలలకూ పంచి కడతామంటే కుదరదు. మిగిలిన 5,500లో కూడా మొదటి నెల చివరికి సంపాదించింది 458 మాత్రమే. సంక్రాంతికి యాభై షాపులు ఏడాది డబ్బు కడితే రెండు లక్షల డెబ్బై అయిదు వేలు ఒక్కసారిగా వస్తాయి. అది చూసి కొత్త మనిషిని పెట్టుకుంటే, శ్రావణం వచ్చేసరికి సర్వర్ బిల్లుకు వెతుక్కోవాలి. ఆ డబ్బును వేరే ఖాతాలో వేసి నెలకు పన్నెండో వంతు చొప్పున మాత్రమే బయటికి తీస్తే, అడిగినవాళ్లకు రీఫండ్ ఇవ్వడానికి కూడా ఇబ్బంది ఉండదు. అప్పు తీర్చడానికే వాడితే మాత్రం, అవసరమైతే మళ్లీ తీసుకోగలిగే ఓవర్‌డ్రాఫ్ట్ లాంటి అప్పునే తీర్చాలి.

ఏ నెలలో అడుగుతున్నామన్నది కూడా తగ్గింపు సైజును మారుస్తుంది. విజయనగరంలో బట్టల షాపుకు దసరా, సిరిమానోత్సవం సందడి ముగిశాక చేతిలో డబ్బు ఆడుతుంది. పల్లెల్లోని కిరాణా షాపులకు ధాన్యం డబ్బులొచ్చాక పాత బాకీలు వసూలవుతాయి. అలాంటప్పుడు ఒక నెల తగ్గింపుకే ఒప్పుకునేవాడు, సరుకు కొనే సీజన్‌లో అడిగితే మూడు నెలలు తగ్గించినా కదలడు. పలాస జీడిపప్పు యూనిట్ల పరిస్థితి అదే. వేసవిలో పచ్చి పిక్కలు కొనడానికి ఉన్న డబ్బంతా అందులో పెడతారు. ఏప్రిల్‌లో చేరిన యూనిట్‌కు ఏడాది ప్లాన్ ఇస్తే, రెన్యువల్ కూడా ప్రతి ఏటా ఏప్రిల్‌లోనే, చేతిలో పైసా లేని రోజునే వస్తుంది. వాళ్లకు మొదటిసారి తొమ్మిది నెలలకే, ఏడాది ధర చొప్పునే 4,125 బిల్లు వేసి, ఆ తర్వాతి గడువును జనవరికి జరిపితే, మరుసటి ఏడాది నుంచి అడగడానికీ కట్టడానికీ తేలికగా ఉంటుంది.